జాబ్ పాసైంది, లెక్క మాత్రం తప్పు: రాత్రి పైప్‌లైన్ అప్పగించేటప్పుడు రాయాల్సింది

ప్రశ్న: నాలుగేళ్లుగా మా టీమ్‌లో సేల్స్ డాష్‌బోర్డ్ పైప్‌లైన్ నేనే చూసుకుంటున్నాను. రోజూ రాత్రి 2 గంటలకు నడుస్తుంది, పొద్దున 8 కల్లా అమ్మకాల వాళ్లు డాష్‌బోర్డ్ తెరుస్తారు. వచ్చే నెల నేను వేరే టీమ్‌కి మారుతున్నాను, కొత్తగా చేరిన ఆవిడకి ఇది అప్పగించాలి, రన్‌బుక్ రాయమన్నారు. రాయడం మొదలుపెడితే 30 పేజీలు అయింది, ఇంకా అవ్వట్లేదు. ఆవిడ చదివి అర్థమైంది అంటోంది కానీ, నేను లేని రోజు ఏదైనా జరిగితే చేయగలదని నాకు నమ్మకం కుదరట్లేదు. అసలు ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

జవాబు: ఆ 30 పేజీలు పారేయకండి, కానీ వాటికి రన్‌బుక్ అనే పేరు తీసేయండి. అవి పైప్‌లైన్ ఎలా కట్టారో చెప్పే పేజీలు, తీరిక ఉన్నప్పుడు చదువుకోవడానికి పనికొస్తాయి. రన్‌బుక్ చదివే మనిషికి తీరిక ఉండదు. పొద్దున 7:20 అవుతుంటుంది, ఫోన్‌లో అమ్మకాల మేనేజర్ "నిన్నటి లెక్క ఇలా ఉందేంటి" అని అడుగుతుంటారు, ఆవిడ ఒక చేత్తో లాప్‌టాప్ తెరుస్తూ మీ పేజీ వెతుక్కుంటుంది. ఆ నిమిషంలో ఆవిడ కళ్లకి కనిపిస్తున్నది ఏంటో అక్కడి నుంచి మీ రాత మొదలవ్వాలి.

రాత్రి జాబ్ పాడయ్యే తీరులు చాలానే ఉన్నా, జాబ్ ఫెయిలై ఎర్రగా కనిపించే వాటి మీద ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టకండి. ఎర్రగా ఉంటే లాగ్ ఉంటుంది, లాగ్‌లో ఎర్రర్ ఉంటుంది, ఆవిడ ఇంజనీరే కాబట్టి దాన్ని పట్టుకుని ముందుకెళ్తుంది. కొత్తవాళ్లు చిక్కుకునేది జాబ్ శుభ్రంగా పాసై, లెక్క మాత్రం తప్పుగా వచ్చిన రోజున. ఎందుకంటే అప్పుడు చేతికి తోచే మొదటి పని "మళ్లీ రన్ చేద్దాం" అనేది, సగం సార్లు అసలు డ్యామేజీ జరిగేది ఆ రీరన్ వల్లే.

నేను దగ్గర నుంచి చూసిన ఒక కేసు చెప్తాను, మీ రన్‌బుక్‌లో మొదటి పేజీ ఎలా ఉండాలో దీన్ని బట్టే తేలుతుంది. అంకెలు సర్దాను, జరిగిన తీరు మాత్రం అదే. మార్చి 3, మంగళవారం అమ్మకాల డేటా బుధవారం తెల్లవారుజామున 2 గంటలకు లోడ్ అయింది. జాబ్ పాస్. పొద్దున డాష్‌బోర్డ్‌లో మంగళవారం అమ్మకాలు అంతకు ముందు మంగళవారంతో పోలిస్తే దాదాపు 40 శాతం తక్కువ. మామూలుగా 1,18,000 పైచిలుకు రికార్డులు వచ్చే రోజుకి 70,900 మాత్రమే ఉన్నాయి. అప్పుడే ఆ పని చేతికొచ్చి మూడు వారాలైన అబ్బాయి ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. సోర్స్ ఫోల్డర్‌లో చూస్తే ఫైల్ సరిగ్గానే ఉంది, 1,19,200 రికార్డులు. సరే, ఏదో పొరపాటున సగమే లోడ్ అయినట్టుంది అనుకుని రీరన్ కొట్టాడు. లోడ్ అయ్యే పద్ధతి ఉన్నదాని మీద కలపడం, అంటే అపెండ్. ఇప్పుడు టేబుల్‌లో 70,900కి 1,19,200 కలిసి 1,90,100. డాష్‌బోర్డ్‌లో అమ్మకాలు ఒక్కసారిగా 60 శాతం పెరిగాయి. పొద్దున 8:20కి ఒక మీటింగులో ఆ అంకె స్క్రీన్ మీదకి ఎక్కేసింది.

అసలు కారణం చిన్నది. సోర్స్ సిస్టమ్ రోజూ రాత్రి 1:40 ప్రాంతంలో ఫైల్ రాయడం పూర్తి చేసేది. ఆ రోజు దానికి వేరే పని పడి ఆలస్యమైంది, 2 గంటలకి ఇంకా రాస్తూనే ఉంది. మన జాబ్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఫైల్ ఉందా అని మాత్రమే చూసేది, ఉంది కాబట్టి చదివేసింది. సీఎస్‌వీ ఫైల్‌కి "ఇక్కడితో అయిపోయింది" అని చెప్పే గుర్తు ఏదీ ఉండదు, ఎక్కడ ఆగితే అదే చివర. రిజెక్ట్ లాగ్ తీసి చూస్తే ఒకే ఒక్క లైన్ ఉంది, `58,884213,4,20` దగ్గర తెగిపోయి, అమౌంట్ మధ్యలోనే ఆగిపోయి, తర్వాతి కాలమ్స్ లేకుండా. లోడర్‌కి "పది చెడ్డ లైన్ల దాకా పర్లేదు" అని సెట్టింగ్ ఉండటంతో ఆ ఒక్క లైన్‌ని పక్కన పెట్టి పాస్ అనేసింది. ఆ అబ్బాయి పొద్దున చూసేసరికి ఫైల్ రాయడం పూర్తయిపోయింది, అందుకే అతనికి అంతా బాగానే కనిపించింది. ఇందులో అతను చేసిన తప్పేమీ లేదు, రీరన్ చేస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ రాసి ఇవ్వలేదు.

కాబట్టి మీ రన్‌బుక్ మొదటి పేజీకి పేరు "లెక్క తేడాగా ఉంది" అని పెట్టండి, మొదటి లైన్ "ముందు రీరన్ చేయకు" అని రాయండి. దాని కింద ఆవిడ కాపీ చేసి నడపగలిగే ఒక క్వెరీ ఇవ్వండి. మీ టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు మార్చుకుంటే ఇలా ఉంటుంది:

```sql
SELECT sale_date,
       count(*)                 AS row_count,
       count(DISTINCT store_id) AS stores,
       sum(amount)              AS total,
       min(loaded_at)           AS first_load,
       max(loaded_at)           AS last_load
FROM sales
WHERE sale_date IN (current_date - 1, current_date - 8)
GROUP BY sale_date
ORDER BY sale_date;
```

నిన్నటిని మొన్నటితో పోల్చకుండా, పోయిన వారం అదే రోజుతో పోల్చాలి, అందుకే 1, 8 అని పెట్టాను. అమ్మకాలకి వారంలో ఒక్కో రోజుకి ఒక్కో తీరు ఉంటుంది, ఆదివారం పక్కన సోమవారాన్ని పెట్టి చూస్తే ప్రతి సోమవారం టెన్షనే. పోయిన వారం అదే రోజు సెలవో సేలో ఉంటే ఇంకో వారం వెనక్కి వెళ్లమని రాయండి.

ఈ ఆరు కాలమ్స్‌లో నేను ముందు చూసేది `stores`. మా కేసులో పోయిన మంగళవారం 96 దుకాణాలు, ఈ మంగళవారం 58. ఫైల్ దుకాణం నంబర్ వరసలో వస్తుంది కాబట్టి 59 నుంచి ఒక్క రికార్డు కూడా లేదు, 58వ దుకాణానిది కొంతే ఉంది. అంటే ఫైల్ మధ్యలో తెగిపోయిందని ఆ ఒక్క అంకె చెప్పేస్తోంది. లోటు ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది, మీ నాలుగేళ్ల అనుభవంలో ఆవిడకి అందించాల్సిన అసలు విషయం ఇదే, మీరు కళ్లతో చూసి క్షణంలో పట్టేస్తారు కాబట్టి ఎప్పుడూ రాసి ఉండరు. దుకాణాలన్నీ ఉండి, అన్నింట్లోనూ రాత్రి చివరి రెండు మూడు గంటలు మాత్రమే లేకపోతే ఫైల్ తొందరగా తీసేశారనో, లేదా రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ లెక్కలో తేడా వచ్చిందనో అర్థం, సర్వర్ యూటీసీలో ఉండి అమ్మకాలు స్థానిక సమయంలో ఉన్న చోట ఇది తరచూ వస్తుంది. అసలు టేబుల్‌లో రికార్డులు సరిగ్గా ఉండి డాష్‌బోర్డ్‌లో మొత్తం మాత్రం పెరిగితే, ఒక్క సరుకు లైన్లో పెరిగిందేమో చూడాలి, చాలాసార్లు ప్రొడక్ట్ మాస్టర్‌లో ఒకే కోడ్ రెండుసార్లు పడి జాయిన్ దగ్గర అమ్మకాలు రెట్టింపు అవుతాయి. అన్ని దుకాణాల్లో, అన్ని గంటల్లో సమానంగా తగ్గితే మాత్రం అది నిజంగానే తగ్గిన అమ్మకం అయ్యుండొచ్చు, అప్పుడు పైప్‌లైన్‌ని ముట్టుకోకూడదు. ఈ నాలుగు తీరులకీ మీ పాత మెయిళ్లలోంచి ఒక్కో నిజమైన తేదీ వెతికి పక్కన రాయండి. ఆ తేదీలకి డేటా ఇంకా ఉంటే ఆవిడ తనే క్వెరీ నడిపి ఆ ఆకారం ఎలా ఉంటుందో చూసుకుంటుంది.

ఆ క్వెరీలోనే `first_load`, `last_load` కూడా ఎందుకు పెట్టానంటే, మామూలు రోజున రెండిటికీ మధ్య తేడా లోడ్‌కి పట్టే టైం అంత ఉంటుంది, కొన్ని నిమిషాలు. ఒకటి 2:05, ఇంకోటి 8:12 అని ఉంటే ఆ రోజు డేటా రెండుసార్లు లోడ్ అయిందన్నమాట, ఎవరో ఇప్పటికే రీరన్ చేశారు. ఒకే పైప్‌లైన్‌ని ఇద్దరు చూసే రోజుల్లో, మీరు అప్పగించే నెలంతా అదే పరిస్థితి కాబట్టి, ఇది ముఖ్యం.

ఇప్పుడు రీరన్ సంగతి. మీ పైప్‌లైన్‌లో ఒక్కో స్టెప్‌కీ ఒకే ఒక ప్రశ్నకి జవాబు రాయండి: ఇదే తేదీకి ఇది రెండుసార్లు నడిస్తే ఏమవుతుంది? కొన్ని స్టెప్పులు ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉంటుంది, కొన్ని రెట్టింపు చేస్తాయి, కొన్ని బయటకి మెయిల్ పంపిస్తాయి. మీకు గుర్తున్నది రాసేయకండి, టెస్ట్ కాపీలో ఒక తేదీకి నిజంగా రెండుసార్లు నడిపి, పై క్వెరీతో చూసి, అప్పుడు రాయండి. నాలుగేళ్లలో కోడ్ చాలాసార్లు మారి ఉంటుంది. అపెండ్ చేసే స్టెప్ ఏదైనా ఉంటే, మీరు వెళ్లేలోపు దాన్ని ఆ తేదీ తీసేసి మళ్లీ పెట్టే పద్ధతికి మార్చండి. పది పేజీల జాగ్రత్తలు రాసే బదులు ఆ ఒక్క మార్పు చేస్తే ఎక్కువ మేలు. మార్చడానికి టైం లేకపోతే, చేత్తో ఎలా చేయాలో ఈ వరసలో రాయండి.

ముందు స్టేజింగ్ చూడాలి, అంటే ఫైల్ అసలు టేబుల్‌లోకి వెళ్లే ముందు ఆగే తాత్కాలిక టేబుల్. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. టేబుల్‌లో ఉన్న సగం డేటాని తీసేసి, స్టేజింగ్‌లో కూడా సగమే ఉంటే, మళ్లీ అదే సగాన్ని పెట్టుకున్నట్టు. స్టేజింగ్ ఖాళీగా ఉంటే ఆ రోజు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఫైల్‌ని మళ్లీ స్టేజింగ్‌లోకి ఎక్కించి, ఎక్కించే ముందు పాతది ఖాళీ అయిందో లేదో చూసుకుని, ఇది నడపాలి:

```sql
SELECT count(*), count(DISTINCT store_id)
FROM staging_sales
WHERE sale_date = DATE '2026-03-03';
```

1,19,200, 96 అని వస్తేనే ముందుకి. రాకపోతే అక్కడే ఆగి సోర్స్ వాళ్లకి ఫోన్. వచ్చాక, ఆ రోజు రికార్డులు ఒక పక్క టేబుల్‌లో దాచి, ఒకే ట్రాన్సాక్షన్‌లో మార్పిడి:

```sql
CREATE TABLE sales_backup_20260303 AS
SELECT * FROM sales WHERE sale_date = DATE '2026-03-03';

BEGIN;
DELETE FROM sales WHERE sale_date = DATE '2026-03-03';
INSERT INTO sales
SELECT * FROM staging_sales WHERE sale_date = DATE '2026-03-03';
-- ఇక్కడ ఆగి లెక్క చూడాలి; తేడా ఉంటే ROLLBACK
COMMIT;
```

స్టేజింగ్‌లో, అసలు టేబుల్‌లో కాలమ్స్ ఒకే వరసలో లేకపోతే నక్షత్రం గుర్తు వాడకుండా కాలమ్ పేర్లన్నీ రాసివ్వండి, పొద్దున హడావిడిలో ఆవిడ టైప్ చేయాల్సిన పని ఉండకూడదు. పోస్ట్‌గ్రెస్ లాంటి వాటిలో `COMMIT` కొట్టేదాకా డాష్‌బోర్డ్‌కి పాత రికార్డులే కనిపిస్తాయి, మధ్యలో ఖాళీగా కనిపించదు, కాబట్టి ఆగి చూసుకోవడానికి భయపడక్కర్లేదని కూడా ఒక లైన్ రాయండి. ఇంకో సంగతి, ఆ తేదీ. మార్చి 4 తెల్లవారుజామున నడిచే జాబ్ మార్చి 3 డేటాని తెస్తుంది, ఇది మీకు ఎంత సహజమో ఆవిడకి అంత అయోమయం. కొన్ని షెడ్యూలర్లు రన్‌కి డేటా తేదీనే పేరుగా పెడతాయి, కొన్ని నడిచిన తేదీని పెడతాయి. మీ స్క్రీన్ మీద కనిపించే తేదీ ఏదో, రీరన్‌కి ఇవ్వాల్సిన తేదీ ఏదో, ఒక నిజమైన రోజుని ఉదాహరణగా తీసుకుని రాయండి. లేకపోతే మంగళవారం పాడైతే బాగున్న బుధవారాన్ని తీసేసే రోజు వస్తుంది.

ఆ కేసులో కథ ఇక్కడితో ఆగలేదు. 9 గంటలకి అసలు టేబుల్ సరిచేశారు, 1,19,200 వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డాష్‌బోర్డ్‌లో మాత్రం 11 దాకా ఆ పెరిగిన అంకే ఉంది. కారణం, డాష్‌బోర్డ్ చదివేది అసలు టేబుల్‌ని కాదు, దుకాణం వారీ, రోజు వారీ కూడిపెట్టిన సమ్మరీ టేబుల్‌ని. ఆ సమ్మరీ మొదటి రీరన్‌తో పాటే 1,90,100 మీద తయారైంది, చేత్తో సరిచేసినప్పుడు దాన్ని మళ్లీ కట్టాలని ఎవరికీ తట్టలేదు. పైగా డాష్‌బోర్డ్ మూలన "చివరి రిఫ్రెష్ 10:30" అని చూపిస్తుంటే తాజాదే అనుకున్నారు. ఆ టైం చెప్పేది డాష్‌బోర్డ్ సమ్మరీని ఎప్పుడు చదివిందో మాత్రమే, సమ్మరీలో ఉన్నది ఎప్పటిదో దానికి తెలియదు. కాబట్టి వరస ఒక్క లైన్లో రాసేయండి: ఫైల్, స్టేజింగ్, అసలు టేబుల్, సమ్మరీ, డాష్‌బోర్డ్. ఎక్కడ సరిచేసినా అక్కడి నుంచి కుడివైపు ఉన్నవన్నీ మళ్లీ నడపాలి. చివర్లో అసలు టేబుల్‌లో మొత్తం, సమ్మరీలో మొత్తం, డాష్‌బోర్డ్ మీద కనిపించే మొత్తం, మూడూ పక్కపక్కన పెట్టి సరిపోయాక మాత్రమే అయిపోయిందని చెప్పాలి.

తర్వాత టైం. మీ రన్‌బుక్‌లో 8 గంటల గడువు ఎక్కడో ఉండే ఉంటుంది, కానీ ఆవిడకి కావాల్సింది దాన్నుంచి వెనక్కి లెక్కేసిన టైం. ఉదాహరణకి లోడ్‌కి 35 నిమిషాలు, సమ్మరీకి 15, డాష్‌బోర్డ్ రిఫ్రెష్‌కి 10 పడితే మొత్తం గంట, తప్పు ఏంటో కనుక్కోవడానికి కనీసం ఇంకో పావుగంట. అంటే 6:45 లోపు పని మొదలైతేనే 8కి అందుతుంది. 6:45 దాటితే ముందు మెసేజ్ పంపాలి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. ఈ వరస ఖచ్చితంగా రాయండి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎప్పుడూ సరిచేశాకే చెబుదాం అనుకుంటారు, ఈలోపు తప్పు అంకె పట్టుకుని ఎవరో ఏదో నిర్ణయం తీసేసుకుంటారు. మెసేజ్ కూడా మీరే రాసివ్వండి. నేను వాడేది దాదాపు ఇలా ఉంటుంది: "మంగళవారం అమ్మకాల డేటా పూర్తిగా రాలేదు, 96 దుకాణాల్లో 58 దుకాణాలవే ఉన్నాయి. దయచేసి ఆ రోజు అంకె వాడకండి, సోమవారం వరకు ఉన్నవి సరైనవే. 9 గంటలకి మళ్లీ మెసేజ్ పెడతాను." ఏది తప్పు, ఏది ఇంకా నమ్మొచ్చు, మళ్లీ ఎప్పుడు చెప్తాను, ఈ మూడు ఉంటే ఫోన్లు చాలావరకు తగ్గుతాయి. ఎవరికి పంపాలో గ్రూప్ పేరుతో సహా రాయండి, మనుషుల పేర్లు ఆరు నెలల్లో మారిపోతాయి.

రాత్రి నిద్ర లేపే అలారం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీరు ఇన్నాళ్లూ రాత్రి 2:30కి లేచి చూసి ఉండొచ్చు, ఆవిడకి అది వారసత్వంగా ఇవ్వకండి. 8 దాకా ఎవరూ చూడని డాష్‌బోర్డ్ కోసం 6కి తెలిస్తే చాలు. 5:45కి పై క్వెరీనే ఆటోమేటిక్‌గా నడిచి, దుకాణాల సంఖ్య పోయిన వారం కన్నా తక్కువైనా, రికార్డులు 20 శాతం కన్నా ఎక్కువ అటూ ఇటూ అయినా మెసేజ్ వచ్చేలా పెట్టండి. ఆ 20 అనేది నేను ఉజ్జాయింపుగా అన్నది, మీ గత మూడు నెలల డేటా మీద నడిపి చూసి, ఉత్తి పుణ్యానికి ఎన్నిసార్లు మోగేదో లెక్కేసి, వారానికి ఒకసారి కన్నా ఎక్కువ మోగితే వెడల్పు పెంచండి. ఊరికే మోగే అలారాన్ని ఎవరైనా మ్యూట్‌లో పెట్టేస్తారు.

అసలు జబ్బుకి మందు మాత్రం సోర్స్ వైపు ఉంది. వాళ్లు ఫైల్‌ని వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక మాత్రమే అసలు పేరుకి మార్చితే సగం ఫైల్ చదివే సమస్యే ఉండదు. లేదా ఫైల్‌తో పాటు ఇన్ని రికార్డులు అని చెప్పే చిన్న కంట్రోల్ ఫైల్ చివర్లో పెడితే, మన జాబ్ దానికోసం ఆగి, లెక్క సరిపోతేనే లోడ్ చేస్తుంది. పేరు మార్చడం వాళ్లకి చాలా చిన్న పని. మీ పరిచయాలు ఇంకా ఉన్నప్పుడే, వచ్చే నెలలోపే, మీరే అడిగి చేయించండి. కొత్తగా వచ్చిన ఆవిడ అడిగితే అది వాళ్ల క్యూలో ఎక్కడో ఉండిపోతుంది.

ఒక చిన్న సంగతి, ఆవిడ మొదటి వారంలోనే తప్పకుండా అడిగేది: నిన్నటి అంకె ఇవాళ మారింది, తప్పా? నెట్ లేక ఆలస్యంగా వచ్చే బిల్లులు, పాత తేదీకి పడే రిటర్న్‌లు ఉన్న చోట అది మామూలే. మీ జాబ్ రోజూ వెనక్కి ఎన్ని రోజులు మళ్లీ లోడ్ చేస్తుందో, మామూలుగా ఎంత మారుతుందో రాసిపెట్టండి. అన్ని రోజులూ దాటి వెనకున్న రోజు మారితే మాత్రం వెంటనే చూడాలి, అది మామూలు కాదు.

ఇక రెండో పేజీ. ఇది చిన్నదే కానీ, ఇది లేక కూలిపోయిన పైప్‌లైన్లు ఎక్కువ. ఏ కనెక్షన్ ఎవరి అకౌంట్ మీద నడుస్తోంది? నాలుగేళ్లుగా మీరే చూస్తున్నారంటే, ఎక్కడో ఒకచోట మీ సొంత లాగిన్ దూరి ఉంటుంది. ఫైల్ ఫోల్డర్ పాస్‌వర్డ్ కావచ్చు, డాష్‌బోర్డ్ రిఫ్రెష్‌కి పెట్టిన డేటా సోర్స్ కావచ్చు, మెయిల్ పంపే టోకెన్ కావచ్చు. మీరు టీమ్ మారిన రోజు ఏమీ కాదు. రెండు మూడు వారాల తర్వాత మీ పాత పర్మిషన్లు తీసేసిన రాత్రో, పాస్‌వర్డ్ గడువు ముగిసిన రాత్రో ఆగిపోతుంది, అప్పటికి అప్పగింత సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు. డాష్‌బోర్డ్ రిఫ్రెష్ ఇంకా మోసం చేస్తుంది, అది ఆగినా పైప్‌లైన్ అంతా పాస్ అనే చూపిస్తుంది, పాత అంకెలే అలా నిలిచి ఉంటాయి. ప్రతి కనెక్షన్‌కీ ఏ అకౌంట్, గడువు ఎప్పుడు, కొత్తది ఎవరిని అడగాలి అని ఒక పట్టిక రాయండి, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి, అవి ఏ వాల్ట్‌లో ఉన్నాయో చాలు. మీ పేరు మీద ఉన్నవన్నీ సర్వీస్ అకౌంట్‌కి మార్చి, మీరు వెళ్లడానికి కనీసం పది రోజుల ముందు మీ సొంత యాక్సెస్‌ని మీరే తీయించుకోండి. ఆగిపోయేదేదైనా ఉంటే మీరు పక్కన ఉండగానే ఆగిపోనివ్వండి. ఆ పది రాత్రుల్లో నెలాఖరు ఒకటి పడేలా చూసుకుంటే ఇంకా మంచిది, నెలకోసారి మాత్రమే నడిచే స్టెప్పులు అప్పుడే బయటపడతాయి.

ఆవిడ అర్థమైంది అంటోంది, మీకు నమ్మకం లేదు అన్నారు కదా. చదివితే ఎవరికైనా అర్థమైనట్టే ఉంటుంది. ఒక పొద్దున టెస్ట్ కాపీలో ఒక రోజు ఫైల్‌ని మధ్యలో కత్తిరించి పెట్టండి, ఎక్కడ కత్తిరించారో చెప్పకండి, జాబ్ నడవనివ్వండి. ఆవిడ ఆ రెండు పేజీలు పట్టుకుని కూర్చుంటుంది, మీరు పక్కన కూర్చుని కీబోర్డ్ ముట్టుకోకుండా, నోరు తెరవకుండా చూడండి. ఆవిడ ఆగిన ప్రతి చోటా, మీ వైపు తిరిగి చూసిన ప్రతి చోటా పేజీలో ఒక లైన్ తక్కువైందని అర్థం. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు ఎదుటి మనిషి రెండో నిమిషంలోనే ఆగిపోయాడు, క్వెరీ ఎక్కడ నడపాలో, ఏ డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వాలో పేజీలో లేదు. దానికి జవాబు నోటితో చెప్పకుండా అప్పుడే పేజీలో రాసి, మళ్లీ చదవమనండి. రెండోసారి ఫైల్‌కి బదులు రెండుసార్లు లోడ్ చేసిన రోజుని పెట్టండి. రెండు వారాల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే చాలు, ఆ పేజీల్లో ఉండాల్సినవేంటో, ఆ 30 పేజీల్లోంచి తీసేయాల్సినవేంటో మీకే కనిపిస్తుంది.

మీరు వెళ్లే ముందు చివరి రెండు వారాలు పొద్దున ఫోన్ ఆవిడకే వెళ్లాలి, మీకు కాదు. మెసేజ్ గ్రూపులో ఎవరైనా అలవాటు కొద్దీ మిమ్మల్ని అడిగితే జవాబు తెలిసినా ఇవ్వకుండా ఆవిడని ట్యాగ్ చేయండి. పేజీ చివర మీ నంబర్ పెట్టండి కానీ దాని పక్కన ఒక తేదీ రాయండి, మీరు మారాక ఆరు వారాల దాకా అని, ఆ తేదీ దాటాక ఎవరిని అడగాలో కూడా. మొదటి నెల రోజులు ఆవిడ మీకు ఫోన్ చేసిన ప్రతిసారీ, ఏం అడిగిందో అదే రోజు రన్‌బుక్‌లో చేర్చమని ఆవిడతో ఇప్పుడే మాట తీసుకోండి.